మడమ వెనుక టెండన్ నొప్పి: విశ్రాంతి ఎందుకు సరిపోలేదు, బరువులు ఎలా పనిచేశాయి (12 వారాల డైరీ)

వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం మాత్రం పరుగెత్తేవాళ్ల కోసం ఈ డైరీ. వయసు 43, బరువు 72 కిలోలు, నొప్పి కుడికాలికి. భద్రకాళి బండ్ మీదనో, కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లోనో ఆదివారం 8 నుంచి 10 కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ని. మిగతా ఆరు రోజులు టెండన్‌కు చెప్పుకోదగ్గ పని ఉండేది కాదు. మా హన్మకొండ, కాజీపేట రన్నర్లలో ఈ నొప్పితో నెలలకు నెలలు ఆగిపోయినవాళ్లు చాలామంది కనిపిస్తారు. అందరిదీ దాదాపు ఒకే కథ: ఆపితే తగ్గుతుంది, మొదలుపెడితే తిరిగొస్తుంది. ఈ చక్రం ఎక్కడ తెగుతుందో కొలతలతో సహా రాస్తున్నాను.

దశ 0: ఇది ఆ నొప్పేనా అని చూసుకోవడం

పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే లావుపాటి తాడే అకిలిస్ టెండన్. దీని నొప్పుల్లో రెండు రకాలున్నాయి. రెంటికీ వ్యాయామం కొంచెం వేరుగా ఉంటుంది కాబట్టి ముందు అది తేల్చుకోవాలి.

1. కుర్చీలో కూర్చుని కాలు వదులుగా పెట్టి, బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ను పట్టుకుని మడమ ఎముక నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్లాలి.
2. ఎక్కువ నొప్పి పుట్టినచోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలుతో మడమ ఎముక నుంచి దూరం కొలవాలి.
3. గుర్తు 2 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య ఉంటే టెండన్ నడిమి భాగం నొప్పి. ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే రెండో రకం.

నా గుర్తు 4 సెంటీమీటర్ల దగ్గర పడింది. అక్కడ టెండన్ ఎడమకాలి కంటే కొంచెం లావుగా, చింతగింజ అంత ఉబ్బుగా తగిలింది. ఈ డైరీ నడిమి భాగం నొప్పి ఉన్నవాళ్లకే. ఎముక దగ్గర నొప్పి ఉన్నవాళ్లు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే కసరత్తు చేస్తే టెండన్ ఎముకకు ఒరుసుకుని నొప్పి పెరుగుతుంది. వాళ్లు చదునైన నేల మీదే చేయాలి.

కొందరు దీన్ని కాపీ చేయకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పిక్క కింద ఎవరో రాయితో కొట్టినట్టు టప్పున చప్పుడై నొప్పి మొదలైతే టెండన్ తెగి ఉండొచ్చు. ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. మంచం మీద బోర్లా పడుకుని పాదాలు అంచు బయటికి వేలాడదీసి, ఇంకొకరితో పిక్కను గట్టిగా పిసికించుకోవాలి. టెండన్ బాగుంటే పాదం దానంతట అదే కిందికి వంగుతుంది. వంగకపోతే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇటీవల సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటిబయాటిక్ వాడినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఆ మందుల వల్ల టెండన్ దెబ్బతినే, తెగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. రెండు కాళ్లకూ టెండన్ మీద గట్టి గడ్డలుండి, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవడం అవసరం.

దశ 1: రెండు కొలతలు

నొప్పికి ఒక కొలత, బలానికి ఒక కొలత పెట్టుకున్నాను. డైరీ మొత్తం ఈ రెండింటి మీదే నడుస్తుంది.

*పొద్దుటి నొప్పి.* మంచం దిగి బాత్రూం దాకా నడిచే మొదటి పది అడుగుల్లో నొప్పికి 0 నుంచి 10 మధ్య మార్కు. పరుగెత్తేటప్పుడు ఉండే నొప్పిని కొలతగా తీసుకోలేదు. ఈ జబ్బులో మొదటి కిలోమీటరు నొప్పిగా ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక మాయమవుతుంది, అసలు బిల్లు మర్నాడు పొద్దున వస్తుంది. పరుగు మధ్యలో "బాగానే ఉంది కదా" అనిపించడాన్ని నమ్మితే లెక్క తప్పుతుంది.

*ఒంటికాలి మడమ ఎత్తులు.* గోడకు రెండు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మోకాలు వంచకుండా మడమ పూర్తిగా ఎత్తి దించడం. పూర్తి ఎత్తు అంటే ఎంతో తేల్చడానికి గుమ్మం చట్రానికి అడ్డంగా ఒక నూలు దారం కట్టాను. ముని వేళ్ల మీద లేచినప్పుడు నడినెత్తి తగిలే ఎత్తులో అది ఉంటుంది. తల దారానికి తగలకపోతే ఆ ఎత్తు లెక్కలోకి రాదు. ఈ దారం లేనప్పుడు ప్రతి ఎత్తూ కొంచెం కొంచెం తగ్గిపోతూ, లెక్క మాత్రం పెరిగిపోతూ ఉంటుంది. దారం కట్టాక అసలు సంగతి బయటపడింది.

మొదటి కొలత (అక్టోబర్ చివర):
- పొద్దుటి నొప్పి: 5
- మడమ ఎత్తులు: కుడి 14, ఎడమ 26

దశ 2: నెల రోజుల విశ్రాంతి

నవంబర్ మొత్తం పరుగు బంద్. మెట్లు తగ్గించి లిఫ్ట్ ఎక్కడం, బూట్లలో మెత్తని హీల్ ప్యాడ్, రాత్రిపూట అమ్మ చెప్పినట్టు నువ్వుల నూనె మర్దన. "నరం పట్టింది బిడ్డా, కాలు కదలనియ్యకు, దానంతటదే వోతది" అని అమ్మ రోజూ చెప్పేది. నొప్పి విషయంలో అమ్మ మాట నిజమే అయింది.

నెలాఖరు కొలత:
- పొద్దుటి నొప్పి: 1
- మడమ ఎత్తులు: కుడి 11, ఎడమ 24

నొప్పి 5 నుంచి 1కి దిగింది, కానీ బలం 14 నుంచి 11కి పడిపోయింది. నొప్పి లేని ఎడమకాలు కూడా రెండు ఎత్తులు పోగొట్టుకుంది. ఆ ఆదివారం యూనివర్సిటీ క్యాంపస్‌లో నెమ్మదిగా 8 కిలోమీటర్లు పరుగెత్తితే దారి పొడవునా నొప్పే లేదు. సోమవారం పొద్దున మార్కు 6. మొదటికంటే ఎక్కువ.

హన్మకొండలో ఒక ఫిజియోథెరపిస్ట్‌కు ఈ నాలుగు అంకెలూ చూపించాను. ఆమె వాటిని ఒక్కసారి చూసి, "రెస్ట్ తీసుకుంటే నొప్పి పోతది సార్, దాంతోపాటు బలం కూడా పోతది. మీ ఆదివారం పరుగు మాత్రం అంతే ఉంది కదా. ఆ బరువు ఇప్పుడు ఇంకా తక్కువ బలమున్న టెండన్ మీద పడ్డది" అన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి వివరించాలి, ఎందుకంటే మిగతా డైరీ అంతా ఈ ముక్క మీదే నిలబడి ఉంది. పరుగులో ఒక్కో అడుగుకు ఈ టెండన్ మీద శరీర బరువుకు ఎన్నో రెట్ల లాగుడు పడుతుంది, మామూలు జాగింగ్‌లో కూడా ఐదారు రెట్లు దాటుతుంది. 72 కిలోల మనిషికి అది నాలుగు క్వింటాళ్ల పైమాటే, అదీ అడుగడుగునా. ఇంత బరువు మోసే తాడు తన గట్టితనాన్ని నిలుపుకునేది దాని మీద పడే లాగుడు వల్లనే. లాగుడు లేకపోతే వారాల్లోనే మెత్తబడుతుంది. నొప్పి మాత్రం మంట, వాపు, నరాల చురుకుదనానికి సంబంధించిన విషయం కాబట్టి పని లేనప్పుడు సద్దుమణుగుతుంది. అంటే విశ్రాంతిలో నొప్పి, బలం రెండూ కలిసి తగ్గుతాయి. మనకు కనిపించేది మొదటిదే.

"కొన్నాళ్లు వదిలేస్తే లోపల అదే అతుక్కుంటుంది" అనే నమ్మకానికి కూడా ఆధారం గట్టిగా లేదు. 2013లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని చిత్రమైన దారిలో కొలిచారు. 1950లు, 60ల మొదట్లో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గింది. శరీరంలో ఏ కణజాలం ఎప్పుడు తయారైందో ఆ కార్బన్ మోతాదు చూసి చెప్పొచ్చు. అకిలిస్ టెండన్ నడిమధ్య భాగంలో దొరికిన కార్బన్, ఆ మనిషికి దాదాపు 17 ఏళ్లు వచ్చేలోపు గాలిలో ఉన్న మోతాదుతో సరిపోయింది. కండరంలో అలా లేదు, అది కొత్తగా మారుతూనే ఉంది. అంటే టెండన్ నడిమి భాగం టీనేజ్ తర్వాత దాదాపుగా మారదు. నలభై దాటినవాడికి నెల రోజుల్లో అక్కడ కొత్త తాడు పేనుకుంటుందని అనుకోలేం.

మరి వ్యాయామం ఏం చేస్తుంది? చెడిన ముక్కను కొత్తగా మార్చదు. నులక మంచం తాడులో నాలుగు పోగులు పోయినా మిగతా పోగులు గట్టిగా ఉంటే మంచం మనిషిని మోస్తుంది. టెండన్‌లోనూ ఉబ్బిన భాగం చుట్టూ మంచి పోగులు చాలానే ఉంటాయి. బరువు వేస్తే అవి గట్టిపడతాయి, పిక్క కండరం బలపడుతుంది, నరాలు ఆ లాగుడుకు అలవాటు పడతాయి. స్కానింగ్‌లో ఉబ్బు అలాగే ఉండి మనిషి హాయిగా పరుగెత్తడం మామూలే. అందుకే మధ్యలో మళ్లీ స్కానింగ్ చేయించలేదు. ఆ డబ్బుకు జిమ్ ఫీజు కట్టాను.

దశ 3: ఏ పద్ధతి?

బాగా పరీక్షలకు నిలిచిన పద్ధతులు రెండు. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించినది ఒకటి: మెట్టు అంచున నిలబడి మడమను దించడం, మోకాలు చాపి 15 చొప్పున మూడు సెట్లు, వంచి మూడు సెట్లు, రోజుకు రెండుసార్లు, ప్రతిరోజూ, 12 వారాలు. లెక్క వేస్తే రోజుకు 180, వారానికి 1,260.

రెండోది బరువు ఎక్కువ, వేగం తక్కువ పద్ధతి. వారానికి మూడుసార్లే. పైకి 3 సెకన్లు, కిందికి 3 సెకన్లు. మొదట 15 సార్లు ఎత్తగలిగే బరువుతో మొదలుపెట్టి, 12 వారాల్లో 6 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు దాకా వెళ్లాలి. 2015లో డెన్మార్క్‌లో రెండింటినీ పోల్చి చూస్తే ఫలితం రెంటికీ ఒకేలా వచ్చింది. నాకు రెండోది నచ్చడానికి కారణం సమయం. రోజుకు రెండుసార్లు మెట్టెక్కి నిలబడటం ఉద్యోగస్తులకు రెండో వారంలోనే తప్పిపోతుంది. మూడు రోజులైతే నిలబెట్టుకోవచ్చు.

మధ్యలో ఒక రోజు ఖాళీ వదలడానికీ కారణం ఉంది. గట్టి బరువు వేసిన తర్వాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజు టెండన్‌ పోగులకు మూలమైన కొల్లాజెన్ అనే ప్రోటీన్ కట్టుబడటం కంటే విరగడమే ఎక్కువ. ఆ తర్వాతే లెక్క లాభంలోకి వస్తుంది. ఆ గడువు దాటకముందే మళ్లీ బరువు వేస్తే ఎప్పుడూ నష్టం వైపే ఉంటాం.

కదలకుండా పట్టి నిలబడే వ్యాయామాన్ని, అంటే మడమ సగం ఎత్తి 45 సెకన్లు ఆపడం, అయిదుసార్లు, మొదటి వారం కలిపి చేశాను. కొందరికి దాంతో నొప్పి వెంటనే తగ్గుతుందంటారు. నా మార్కులో తేడా రాలేదు. ఆపేశాను.

దశ 4: సామాను

- గట్టి కాలేజీ బ్యాగు ఒకటి, 5 కిలోల బియ్యం ప్యాకెట్లు ఆరు
- 26 కిలోల బియ్యం బస్తా, మడతపెట్టిన దుప్పటి
- ఫోన్‌లో మెట్రోనోమ్, నిమిషానికి 60 దెబ్బలు
- ముల్లు తిరిగే పాతకాలపు తూకం యంత్రం

ముల్లు తూకం గురించి చెప్పాలి, చాలా పనికొచ్చింది. దాని మీద నిలబడి మడమ ఎత్తుతుంటే, నిజంగా నెమ్మదిగా చేస్తున్నప్పుడు ముల్లు దాదాపు కదలదు. ఎగిసినా, కింద పడేసినా ముల్లు 72 దగ్గర నుంచి ఇటు 85కి, అటు 60కి ఊగిసలాడుతుంది. నా మొదటి సెట్లో మెట్రోనోమ్ మోగుతూనే ఉంది, పైకి వెళ్లడం మూడు సెకన్లే పట్టింది, దిగడం మాత్రం ఒక్క సెకనులో అయిపోతోంది. ముల్లే పట్టిచ్చింది. డిజిటల్ తూకం అంకెను పట్టి ఉంచేస్తుంది కాబట్టి ఈ పనికి సరిపోదు.

మెట్టు అంచు మొజాయిక్ అయితే పాదం జారుతుంది. నేను నేల మీదే, బూట్లతో చేశాను.

దశ 5: వారాల లెక్క

ప్రతి సెషన్‌లో రెండు వ్యాయామాలు. నిలబడి మోకాలు చాపి చేసేది ఒకటి, కూర్చుని మోకాలు వంచి చేసేది ఒకటి. పిక్క పైకండరం మోకాలి పై నుంచి మొదలవుతుంది కాబట్టి మోకాలు వంచగానే అది వదులవుతుంది. అప్పుడు లోపలి కండరం సోలియస్ మీద భారం పడుతుంది. పరుగులో ఎక్కువ బరువు మోసేది ఆ సోలియసే. నిలబడే వ్యాయామం ఒక్కటే చేసి ఆపేవాళ్లు అసలు పని సగం వదిలేసినట్టే. సెట్టుకు సెట్టుకు మధ్య రెండు నిమిషాలు.

కింద రాసిన మొత్తం అంటే మొదటి వారం నుంచి అప్పటిదాకా కుడికాలితో నిలబడి చేసిన ఎత్తుల కూడిక.

*వారం 1.* రెండు కాళ్ల మీద, వీపున 20 కిలోలు. (72+20)లో సగం, అంటే కాలికి 46 కిలోలు. 15 చొప్పున 3 సెట్లు. పొద్దుటి నొప్పి 4.
మొత్తం: 135

*వారాలు 2, 3.* వీపున 30 కిలోలు, కాలికి 51. 12 చొప్పున 3 సెట్లు. పొద్దుటి నొప్పి 4, తర్వాత 3. కూర్చుని చేసేదానికి తొడ మీద, మోకాలి దగ్గర దుప్పటి వేసి 26 కిలోల బస్తా పెట్టుకున్నాను.
మొత్తం: 351

*వారం 4, మొదటి సెషన్: ఫెయిల్.* బ్యాగు తీసేసి ఒంటికాలి మీదికి మారాను. కాలికి 51 నుంచి ఒక్కసారిగా 72. రెండో సెట్లో ఆరో ఎత్తు తర్వాత తల దారానికి తగలడం ఆగిపోయింది. మర్నాడు పొద్దున 5, ఆ మర్నాడు కూడా 5. రెండో రోజుకూ మార్కు దిగకపోతే వేసిన బరువు ఎక్కువైందని అర్థం.

చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. రెండు కాళ్ల నుంచి ఒంటికాలికి మారడం చిన్న మార్పులా కనిపిస్తుంది, నిజానికి 40 శాతం పెంపు. మధ్యలో ఒక మెట్టు కావాలి. దానికి ముల్లు తూకమే దారి చూపించింది. పక్కన టేబుల్ పెట్టుకుని, ఒంటికాలి మీద తూకంపై నిలబడి, ముల్లు 60 దగ్గరికి వచ్చేదాకా అరచేత్తో టేబుల్‌ను నొక్కాలి. అంటే చెయ్యి 12 కిలోలు మోస్తోంది, కాలు 60. రెండు సెట్లు ఇలా చేస్తే చేతికి ఆ ఒత్తిడి గుర్తుండిపోతుంది.

*వారం 4 మిగతా రోజులు, వారం 5.* ఒంటికాలు, చేతి సాయంతో 60 కిలోలు. 10 చొప్పున 4 సెట్లు. పొద్దుటి నొప్పి 3. ఫెయిలైన రోజును లెక్కలో వేయలేదు.
మొత్తం: 551

ఈ దశలోనే కూర్చుని చేసే వ్యాయామానికి బస్తా చాలలేదు. సోలియస్ చాలా బలమైన కండరం, 26 కిలోలకు 20 సార్లు ఎత్తినా అలసట రావడం లేదు. నయీంనగర్ వైపు ఒక జిమ్‌లో కూర్చునే కాఫ్ మెషీన్ మీదికి మారాను, ఒంటికాలికి 35 కిలోలతో. అక్కడి ట్రైనర్ తమ్ముడు చూసి, "అన్నా, గింత స్లోగా చేస్తే ఎప్పుడు అయితది? జెర స్పీడ్ పెంచు" అన్నాడు. టెండన్ కోసం చేస్తున్నానని చెప్పి, ఒక సెట్టు అదే వేగంతో అతన్నీ చేయమన్నాను. ఎనిమిదో ఎత్తుకు పిక్క వణికింది. ఆ తర్వాత మెట్రోనోమ్ దెబ్బలు అతనే లెక్కపెట్టేవాడు.

*వారాలు 6, 7, 8.* చేతి సాయం తీసేసి 72 కిలోలు. 8 చొప్పున 4 సెట్లు. పొద్దుటి నొప్పి 2. జిమ్ మెషీన్ 45 కిలోలు.
మొత్తం: 839

దశ 6: పరుగు మళ్లీ మొదలు, ఆరో వారం నుంచి

నొప్పి సున్నా అయ్యేదాకా ఆగలేదు. 2007లో స్వీడన్‌లో సిల్బర్‌నాగెల్ బృందం చేసిన పరీక్ష దీనికి ఆధారం. రోగులందరికీ ఒకే వ్యాయామాలు ఇచ్చి, ఒక గుంపును మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానేయమన్నారు. ఇంకో గుంపును నొప్పి హద్దులోపల పరుగెత్తనిచ్చారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, పరుగెత్తినవాళ్లకు నష్టం జరగలేదు. ఆ హద్దు ఇది:

1. పరుగులో, పరుగు తర్వాత నొప్పి 5 దాటకూడదు.
2. మర్నాడు పొద్దున కూడా 5 దాటకూడదు.
3. వారం వారం నొప్పి, బిగుతు పెరుగుతూ పోకూడదు.

నేను మొదటి రెండింటినీ 3కు దించుకున్నాను. 5 దాకా వదిలితే, నా పాత మార్కు కూడా 5 కాబట్టి, పెరుగుతోందా తగ్గుతోందా తెలియదు.

వారం ఇలా సర్దుకున్నాను: ఆదివారం పొద్దున పరుగు, సాయంత్రం బరువులు. మంగళవారం బరువులు. గురువారం చిన్న పరుగు, సాయంత్రం బరువులు. టెండన్‌కు పని ఉన్న రోజునే అన్నీ పెట్టి, ఖాళీ రోజులను పూర్తిగా ఖాళీగా ఉంచాను.

మొదటి పరుగు: 1 నిమిషం జాగింగ్, 2 నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. మర్నాడు 2. ఎనిమిదో వారానికి 3 నిమిషాలు జాగింగ్, 1 నిమిషం నడక, ఏడుసార్లు. అన్నీ భద్రకాళి బండ్ మీదే, చదునుగా ఉంటుంది కాబట్టి. పద్మాక్షి గుట్ట వైపు ఎత్తులు, వేగం పెంచడం రెండూ పక్కన పెట్టాను. ఎత్తు ఎక్కేటప్పుడు మడమ కిందికి దిగి టెండన్ బాగా సాగుతుంది, వేగం పెరిగితే లాగుడు పెరుగుతుంది. ముందు దూరం, తర్వాత ఎత్తు, ఆఖర్న వేగం.

దశ 7: తొమ్మిదో వారం, మేడారం

జనవరి ఆఖర్లో సమ్మక్క సారలమ్మ జాతర. ఇంట్లో నిలువెత్తు బంగారం మొక్కు ఉంది, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. బస్సు దిగిన చోటు నుంచి ఇరవై కిలోల బెల్లం భుజాన వేసుకుని నడక, జంపన్న వాగులో స్నానం, తడి ఇసుకలో చెప్పుల్లేకుండా చాలాసేపు. ఇసుకలో మడమ మామూలుకంటే లోతుకు దిగుతుంది, ప్రతి అడుగూ సాగదీతే. పైన బరువు. నాలుగైదు గంటలు.

మర్నాడు పొద్దున 5. అక్టోబర్ అంకె మళ్లీ వచ్చింది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: ఇంక నెల రోజులు కాలు కదపొద్దు. కానీ దశ 2లోని అంకెలు కళ్ల ముందు ఉన్నాయి. చేసింది ఇది:

1. ఆ వారం ఒక సెషన్, రెండు పరుగులూ వదిలేశాను. మామూలు నడక ఆపలేదు.
2. మిగతా రెండు సెషన్లలో 82కి పెంచాల్సిన బరువును 72 దగ్గరే ఉంచాను, 8 చొప్పున 4 సెట్లు.
3. బూట్లలో ఒక సెంటీమీటరు ఎత్తు హీల్ ప్యాడ్, ఆ వారం మాత్రమే.

పొద్దుటి మార్కులు వరుసగా: 5, 4, 4, 3, 2, 2. ఆరు రోజుల్లో పాత చోటికి వచ్చింది. పని పెరిగి రేగిన నొప్పి ఇలా మెట్టు మెట్టుగా దిగుతుంది. బరువు తగ్గించాక కూడా వారం, పది రోజులకు దిగకపోయినా, కొత్తగా ఎర్రబడి వాచినా అది వేరే సంగతి, చూపించుకోవాలి.

మొత్తం: 903

దశ 8: వారాలు 10, 11, 12

వీపున 10 కిలోలు, ఒంటికాలి మీద 82. 6 చొప్పున 4 సెట్లు. జిమ్ మెషీన్ 55. ఆరో ఎత్తుకు దారం అందుకోవడం కష్టమవ్వాలి. హాయిగా అందుతుంటే బరువు తక్కువని అర్థం.
మొత్తం: 1,119

కూర్చుని చేసినవి ఇంకో అంత వేసుకున్నా 2,240 దగ్గర ఆగుతుంది. ఆల్‌ఫ్రెడ్‌సన్ పద్ధతిలో రెండు వారాలకే 2,520 అవుతాయి. ఎన్నిసార్లు అన్నదాని కంటే ఎంత బరువు, ఎంత నెమ్మదిగా అన్నది టెండన్‌కు ముఖ్యమని నేను నమ్ముతున్నది ఈ లెక్క చూసే.

పన్నెండో వారం కొలత:
- పొద్దుటి నొప్పి: 1, కొన్ని రోజులు 0
- మడమ ఎత్తులు: కుడి 22, ఎడమ 27
- పరుగు: ఆగకుండా 6 కిలోమీటర్లు, కిలోమీటరుకు 7 నిమిషాలు, మర్నాడు 1

నవంబర్ ఆఖర్లోనూ పొద్దుటి మార్కు ఇదే 1. అప్పుడు దాని వెనక 11 ఎత్తులున్నాయి, ఇప్పుడు 22 ఉన్నాయి. ఉబ్బు వేళ్లకు ఇంకా తగులుతూనే ఉంది, నొక్కితే కొంచెం నొప్పి. కుడి ఇంకా ఎడమ కంటే ఐదు తక్కువ కాబట్టి పని అయిపోలేదు. పన్నెండు వారాలతో అందరికీ పూర్తి కాదు, ఆరు నెలలు, ఏడాది పట్టేవాళ్లూ ఉన్నారు.

తర్వాతి దశ

బరువులు వారానికి రెండుసార్లకు దించుతున్నాను, ఆపడం లేదు. గురువారం పరుగు స్థానంలో తాడాట: రెండు కాళ్లతో 20 గెంతుల చొప్పున 3 సెట్లు, మర్నాటి మార్కు 2 లోపు ఉంటే వారానికో సెట్టు పెంచడం. కుడికాలు 25 ఎత్తులు దాటాకే ఒంటికాలి గెంతులు, ఆ తర్వాతే పద్మాక్షి గుట్ట ఎత్తు.

ఈసారి ఎండాకాలంలో పొద్దున ఐదుకే బండ్ మీద ఉండాలి. ఆ వేళకు మంచం దిగి పది నిమిషాలైనా కాదు, టెండన్ ఇంకా బిగుసుకునే ఉంటుంది. అందుకని పరుగుకు ముందు 46 కిలోల బరువుతో 15 మడమ ఎత్తులు ఒక సెట్టు వేసి చూస్తున్నాను. మొదటి కిలోమీటరు నొప్పి మీద దాని ప్రభావం వచ్చే ఎంట్రీలో.